ఒక తలకు ఒక సంచి

జాతీయ సదస్సు అంటే దేశానికి ఏం ఒరుగుతుందో తెలియదు గానీ, వచ్చినవాళ్లకు మాత్రం ఒక సంచి ఒరుగుతుంది. కల్వకుర్తి దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో ఆఫీసు పనిచేసే మల్లీశ్వరికి ఈ సంగతి ఇద్దరు ప్రిన్సిపాళ్ల కాలం నుంచీ తెలుసు. ఆమె చదివింది పదో తరగతి. ఉద్యోగం ఔట్‌సోర్సింగ్. బెల్లు కొట్టడం, ఫైళ్లు మోయడం, చాయ్ తేవడం ఆమె పనులు. సదస్సు వచ్చిందంటే స్టోరు రూము తాళం చెవి కూడా ఆమె కొంగుకే.

ఆ తాళం చెవే ఆమె కొంప ముంచింది.

పోయిన సంవత్సరం సదస్సుకు నూట ఎనభై మంది వచ్చారు. నూట ఎనభై సంచులు తెచ్చారు. సంచిలో ఒక పుస్తకం, ఒక పెన్ను, ఒక ప్యాడు, ఒక స్టీలు నీళ్ల సీసా. లెక్క ఇంత సాఫుగా ఉన్నా, సాయంత్రానికి ముప్పై ఒక్క మంది చేతులూపుకుంటూ నిలబడ్డారు. ఎం.ఏ.లు, పీహెచ్‌డీలు చేసినవాళ్లు సంచి కోసం కొట్టుకోవడం ఎప్పుడూ చూడనివాళ్లు ఆ రోజు చూశారు. అప్పుడు సదస్సు నడిపించిన కన్వీనర్, ఎకనామిక్స్ వెంకన్న సారు, అందరి ముందూ ఒకే ఒక్క ప్రశ్న వేశారు.

"రూము తాళం ఎవరి దగ్గరుండె?"

అంతే. దొంగ అనలేదు. పెద్ద చదువులు చదివినవాళ్లు దొంగ అని నోటితో అనరు, ప్రశ్న వేసి ఊరుకుంటారు. మిగతా పని ఊరు చూసుకుంటుంది. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, ఆ ముప్పై ఒక్క సంచులూ మల్లీశ్వరి నెత్తిన పడ్డాయి. అప్పటి నుంచి ఆమె స్టాఫ్ రూములోకి వస్తే మేడమ్‌లు బల్ల మీది పర్సులను ఒళ్లోకి తీసుకునేవారు. ఆమె చూడనట్టే చాయ్ పెట్టి వచ్చేది. ఇంటికొచ్చి ఏడ్చేది.

ఈ సంవత్సరం కొత్త ప్రిన్సిపాల్ వచ్చారు, సుహాసిని మేడం. సదస్సు అంశం 'గొర్రెల పెంపకం – గ్రామీణ ఆర్థిక వ్యవస్థ'. కన్వీనర్ మళ్లీ వెంకన్న సారే. ఆయన గొర్రెను దగ్గరగా చూసింది పళ్లెంలోనే, అయినా ఆ విషయం మీద ఆయనవి నాలుగు వ్యాసాలున్నాయి. ఈసారి సంచి మామూలుది కాదు. నారాయణపేట చీర అంచు వేసి మగ్గం బట్టతో కుట్టించారు. ఒకటి చూపెట్టగానే స్టాఫ్ రూములో వ్యాసాల సంగతి మరిచిపోయి రంగుల సంగతి మొదలైంది.

సదస్సుకు నాలుగు రోజుల ముందు మేడం మల్లీశ్వరిని పిలిచారు.

"మల్లీశ్వరీ, ఈసారి గూడ సంచుల పని నువ్వే చూస్కోవాలె. పోయినేటి ముచ్చట నేనూ విన్న. మళ్లా తక్కువ పడితే మాత్రం ఏజెన్సోళ్లు నిన్ను ఉంచరు. నేను గూడ ఆపలేను."

"చూస్కుంట మేడం. గని నేను చెప్పినట్టు పంచనియ్యాలె."

మేడం తలెత్తి చూశారు. ఆఫీసు మనిషి షరతు పెట్టడం ఆమెకు కొత్త.

"పోయినేడు నేను చూసిన మేడం. మూడు బల్లలు, మూడు లిస్టులు, మూడు కుప్పలు. ముందుగాల పేరిచ్చినోళ్లకొకటి, అప్పటికప్పుడు పేరిచ్చేటోళ్లకొకటి, గెస్టులకొకటి. ఒక సారు మొదటి బల్ల కాడ తీస్కొని, మళ్లా రెండో బల్ల కాడ పేరు రాయించి ఇంకోటి తీస్కున్నడు. ఒక మేడం 'మా దోస్తులయి' అని నాలుగు సంతకాలు పెట్టి నాలుగు పట్కపోయింది. ఆ దోస్తులు ఎనుక నుంచి వచ్చి వాళ్లయి వాళ్లు తీస్కున్నరు."

"మరి అప్పుడే చెప్పకపోయినవా?"

"అడిగినోళ్లెవరు మేడం?"

మల్లీశ్వరి పద్ధతి యూనివర్సిటీలో నేర్చింది కాదు. ఆమె నాయిన చెన్నయ్యకు నూట ఇరవై గొర్రెలు. వానలకు ముందు పురుగుల మందు తాపేటప్పుడు మందనంతా దొడ్లోకి తోలి, కంతలోంచి ఒక్కొక్కదాన్నే వదిలేవాడు. మందు తాగిన గొర్రె నెత్తిన ఎర్రమట్టి జాజుతో ఒక బొట్టు. రెండుసార్లు తాగితే దానికి ప్రమాదం, తాగకుండా ఒక్కటి తప్పించుకుంటే మందకే ప్రమాదం. "యాదుంటదనుకోకు బిడ్డా," అనేవాడు చెన్నయ్య, "గొర్రెకు యాదుండది, మనకు యాదుండది. బొట్టుకు యాదుంటది." సంతకం కాగితం మీద ఉండిపోతుంది. బొట్టు మాత్రం గొర్రెతో పాటే తిరుగుతుంది. ఇంతే సూత్రం.

మేడం ఒప్పుకున్నారు. లిస్టు ఒక్కటే అయింది. లైబ్రేరియన్ గ్రేస్ మేడం దాన్ని పట్టుకుని ఒక బల్ల దగ్గర కూర్చుంది. కొత్తగా పేరిచ్చేవాళ్లనూ అదే లిస్టు చివర రాస్తుంది, అయితే ముందు ఫోను నంబరు పైనెక్కడైనా ఉందేమో చూస్తుంది. మెడలో వేసుకునే బ్యాడ్జి ఇస్తుంది. ఆ పక్కనే స్టోరు రూము తలుపు, తలుపుకు అడ్డంగా బెంచీ, బెంచీ వెనుక మల్లీశ్వరి. బ్యాడ్జి మీది నంబరు చూసి తన దగ్గరున్న లిస్టు నకలులో టిక్కు కొడుతుంది, పంచింగ్ మిషన్‌తో కార్డు మూలకు ఒక రంధ్రం వేస్తుంది, ఒక సంచి ఇస్తుంది. రంధ్రం ఉంటే సంచి లేదు. బ్యాడ్జి పోయిందంటే లిస్టులో టిక్కు చూస్తుంది. టిక్కు ఉంటే కొత్త బ్యాడ్జి రంధ్రంతోనే పుడుతుంది. ఒకరిది ఇంకొకరికి ఇచ్చేది లేదు. రెండొందల సంచులను పది పది చొప్పున ఇరవై వరుసలు పేర్చుకుంది. గంటకోసారి వరుసలూ టిక్కులూ సరిచూసుకుంటుంది.

మొదటి రోజు పొద్దున చదువుకున్న లోకమంతా ఆ బెంచీ ముందుకు వచ్చి తన తెలివి చూపెట్టింది. ఒకాయన బ్యాడ్జి కారులో ఉందన్నాడు. "తెచ్చుకోండ్రి సార్, సంచి యాడికి పోదు," అంది. ఇంకొకాయన రంధ్రం ఉన్న మూల మీద బొటనవేలు పెట్టి బ్యాడ్జి చూపెట్టాడు. "ఏలు తీయుండ్రి సార్," అంటే నవ్వి వెళ్లిపోయాడు. వారం క్రితమే పేరిచ్చి, ఆ పొద్దున సంచి తీసుకుని, మళ్లీ ఇనీషియల్ మార్చి కొత్తగా పేరిచ్చిన ఒక రిటైర్డ్ ప్రొఫెసరు గారిని ఫోను నంబరు పట్టించింది. ఆయన ఆ తర్వాత అరగంట సేపు విలువల పతనం గురించి మాట్లాడారు. ఒక మేడం ఎర్ర అంచు ఇచ్చి పచ్చ అంచు అడిగింది. అది మాత్రం మల్లీశ్వరి సంతోషంగా మార్చి ఇచ్చింది. ఒకటి వచ్చింది, ఒకటి పోయింది, రంధ్రానికేం పని లేదు.

"గీమె ఎవలయ్యా, రేషన్ డీలరు లెక్కున్నది," అని వరుసలో ఎవరో అన్నారు. మల్లీశ్వరి విననట్టే పంచ్ నొక్కింది.

రెండో రోజు పొద్దున లెక్క ఇలా ఉంది. మొత్తం పేర్లు నూట తొంభై అయిదు. ఇచ్చినవి నూట డెబ్భై ఆరు. సంచులు మిగిలినవి ఇరవై నాలుగు, రావలసిన మనుషులు పంతొమ్మిది మంది. ఆ పంతొమ్మిదిలో కొందరు పొద్దటి బస్సుకు దిగి అప్పుడే బెంచీ ముందు నిలబడ్డారు. సుహాసిని మేడం గ్రేస్ మేడం పక్కన కూర్చుని లిస్టు చూస్తున్నారు.

సరిగ్గా అప్పుడు వెంకన్న సారు వచ్చారు. వరుస ఆయనకు కనపడలేదు.

"మల్లీశ్వరీ, ఇరవై సంచులు బయట పెట్టు. కార్ల ఎయ్యాలె."

"ఎవరికి సార్?"

"ఎవరికేంది? యూనివర్సిటీ పెద్దమనుషులుంటరు, పంపాలె."

"వాళ్ల బ్యాడ్జిలు..."

"వాళ్లు రాలే. అందుకే పంపుతున్న."

ఇరవై పోతే నాలుగు మిగులుతాయి. పదిహేను మంది చేతులూపుకుంటూ నిలబడతారు. సాయంత్రం మళ్లీ అదే ప్రశ్న వస్తుంది. సోమవారం నుంచి బెల్లు ఇంకెవరో కొడతారు. మల్లీశ్వరి రిజిస్టరు చివరి పేజీ తీసి బెంచీ మీద పెట్టింది.

"గిట్ల రాసి సంతకం పెట్టుండ్రి సార్. ఎన్ని తీస్కున్నరు, ఎవరికి. నేనిస్త."

వెంకన్న సారు మొహం ఎర్రబడింది. ఇరవై ఏళ్ల సర్వీసులో ఆయనను సంతకం అడిగిన ఆఫీసు మనిషి లేదు.

"నేను కన్వీనర్ను! నన్నే సంతకం అడుగుతవా? పోయినేడు గింత లొల్లి లేకుండె. చాయ్ టైంల వచ్చి ఇరవై మూడు ఏసుకొని పోయిన, ఎవ్వలన్న అడిగిండ్రా?"

గ్రేస్ మేడం చేతిలోని పెన్ను ఆగింది. మాట బయటికొచ్చాక గానీ వెంకన్న సారుకు తాను ఏమన్నారో తెలియలేదు. తన వ్యాసాలన్నిటిలోనూ ఇంత స్పష్టమైన వాక్యం ఆయన ఎప్పుడూ రాసి ఉండరు.

మల్లీశ్వరికి ముందు ఏమీ అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. పోయిన సంవత్సరం మూడింటికి ఆమె తాళం చెవి బల్ల మీద పెట్టి చాయ్ తేవడానికి పోయింది. సారుకే తేవడానికి పోయింది. ముప్పై ఒకటిలో ఇరవై మూడు ఇక్కడ తేలాయి. మిగతా ఎనిమిది ఆ దోస్తుల మేడమూ ఆ రెండు బల్లల సారూ లాంటివాళ్లు పంచుకుని ఉంటారు. ఏడాది పాటు తాను మోసిన లెక్కలో తనది ఒక్కటీ లేదు.

"సార్," అందామె. "రూము తాళం ఎవరి దగ్గరుండె అని మీరే అడిగిండ్రు."

"అదేదో... మరిచిపోయిన. పనుల పడి యాదికి లేకపాయె."

"మీరు మరిచిపోయిండ్రు సార్. నేను దొంగనైన."

వరుసలో ఒకాయన తన బూట్ల వైపు చూసుకున్నాడు. సుహాసిని మేడం లేచి వచ్చి రిజిస్టరును వెంకన్న సారు వైపు జరిపారు.

"ఇరవై ఇచ్చేది లేదు వెంకన్న గారు. వచ్చినోళ్లకు సరిపోవు. పోయినేటి ఇరవై మూడుకు మాత్రం సంతకం పెట్టుండ్రి."

"మేడం, పోయినేటిదానికి ఇప్పుడేం సంతకం?"

"లెక్కకు కాదు. ఆమెకు."

వెంకన్న సారు అటూ ఇటూ చూశారు. తోడు వచ్చేవాళ్లెవరూ కనపడలేదు. పెన్ను తీశారు. అంకె వేశారు, తేదీ దగ్గర కొంచెం ఆగారు, చివరికి సంతకం పెట్టారు. క్షమించు అనే మాట ఆయన నోట రాలేదు. మల్లీశ్వరి ఆ మాట కోసం ఎదురుచూడలేదు కూడా. ఆ సంతకం తడి ఆరేదాకా రిజిస్టరు మూయలేదు. కళ్ల నిండా నీళ్లున్నాయి, అయినా ఏడాదిలో మొదటిసారి వాటిని దాచుకోవాలనిపించలేదు.

సారు వెనక్కి తిరగబోతుంటే పిలిచింది.

"సార్, మీ బ్యాడ్జి ఇయ్యుండ్రి. మీది ఇంక తీస్కోలే."

ఆయన మెడలోంచి తీసి ఇచ్చారు. ఆమె నంబరు చూసి, టిక్కు కొట్టి, మూలకు రంధ్రం వేసి, ఒక సంచి చేతిలో పెట్టింది.