నేరుగా చూసిన మనిషి

మొన్న ఆధార్ సెంటర్‌కి వెళ్ళాను. నా వేలిముద్రలు అరిగిపోయాయట, పింఛను మిషను నన్ను నేనుగా ఒప్పుకోవడం లేదు. ఉద్యోగమంతా సుద్దముక్కలు పట్టుకున్న వేళ్ళు మరి, ఇంకేం మిగుల్తుంది! ముద్రలు పడకపోతే పోనీ ముందు ఫొటో తీద్దామని ఆపరేటరు కెమెరా నా వైపు తిప్పాడు. "అమ్మాజీ, సీదా చూడండి, కళ్ళు ఆర్పకండి" అన్నాడు. పక్కకి చూస్తే రిజెక్టు అవుతుందట. నేరుగా చూశాను. చూస్తుండగానే మా బడిలో చదివిన ఒక గుంట, మా వైపు ఆడపిల్లని అలాగే అంటాం, గుర్తొచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆపరేటరు విసుక్కుంటూ మళ్ళీ మళ్ళీ తీశాడు.

మాది విజయనగరం వైపు. నాన్నగారికి కిరండూల్ రైల్వే లైన్లో పని దొరికితే మూటాముల్లె కట్టుకుని ఇనపరాయి గనులుండే బచేలి వచ్చేశాం. తర్వాత ఇక్కడే ఒక బళ్ళో సోషల్ టీచర్నయ్యాను. ఎర్రదుమ్ము తలకి పట్టేసింది, ఊరికి తిరిగి వెళ్ళడం మాటల్లోనే మిగిలిపోయింది. ఆ గుంటది ఉసూర్ అవతల అడవిలో ఊరు. దోర్లవాళ్ళ పిల్ల, గిరిజనులు. ఇంట్లో దోర్లీ, సంతలో తెలుగు, బళ్ళో హిందీ. బచేలిలో చిన్నమ్మ ఇంట్లో ఉండి తొమ్మిదో తరగతి చదివేది. నాతో మాత్రం తెలుగే. నా యాసకి అది నవ్వేది, దాని యాసకి నేను నవ్వేదాన్ని. దాని గొంతు మాత్రం ఖంగుమనేది, మైకు లేకపోయినా గేటు దాకా వినబడేది.

ఆ ఏడు బడికి ఒక పెద్ద ఆఫీసరుగారు వస్తున్నారని ప్రత్యేక అసెంబ్లీ పెట్టారు. చరిత్రలో నిలిచిపోయిన ఒక నిరసన ఫొటో తీసుకుని, అది ధైర్యం గురించి, త్యాగం గురించి ఏం చెబుతుందో ఒక పిల్ల మాట్లాడాలన్నారు ప్రిన్సిపాల్. నేను చైనా ఫొటో ఎంచుకున్నాను. అందరూ ఎప్పుడో ఒకసారి చూసే ఉంటారు: వెడల్పాటి రోడ్డు, బారుగా వస్తున్న యుద్ధ ట్యాంకులు, వాటికి అడ్డంగా తెల్లచొక్కా వేసుకుని నిలబడ్డ ఒక్క మనిషి. జెరాక్స్ షాపులో పెద్దది చేయించి తెచ్చి ఆ గుంట చేతికిచ్చాను. అది చాలాసేపు చూసి, "టీచరమ్మా, ఈయన మొఖమేంది కనపడతలేదు?" అంది. వెనకనుంచి, ఎత్తైన హోటల్ బాల్కనీలోంచి తీశారే, అందుకే కనపడదు అన్నాను. అప్పుడు చెప్పింది వాళ్ళ నాయన సంగతి.

వాళ్ళ ఊళ్ళో ఎవర్నీ అడక్కుండా పొలాల్లోంచి రోడ్డు వేస్తుంటే జనం అడ్డంగా కూర్చున్నారట. ఎవరో ఫోను తీసి ఫొటో తీస్తానంటే అందరూ లేచి, జుట్టు దువ్వుకుని, వరసగా నిలబడ్డారట. ఆ ఊరివాళ్ళకి ఫొటో అంటే ఆధార్‌కీ రేషన్ కార్డుకీ తీసేదే. కదలకూడదు, నేరుగా చూడాలి, లేకపోతే పనికిరాదు. వాళ్ళ నాయన ముందు వరసలో, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, కన్నార్పకుండా చూశాడట. మంచిగా పడితే పైవాళ్ళు తమ గోడు చూస్తారని ఆశ. నిజంగానే మంచిగా పడింది. ఆ ఫొటో ఫోన్లు మారి మారి పోలీసుల కేసు కాగితాల్లో చేరింది. ముందు వరసలో మొహాలు గుర్తుపట్టి తీసుకుపోయారు. అప్పట్నుంచి జైల్లోనే ఉన్నాడు, వాయిదాలే తప్ప విచారణ లేదు.

ఆఫీసరుగారి చెవిన పడితే నాయన్ని వదిలేస్తారని దాని నమ్మకం. అది కోర్టు పనే, ఆయన చేతిలో ఉండదే అని ఎంత చెప్పినా చెవికెక్కలేదు. సరే, ఉపన్యాసమైనా ధీమాగా చెప్పనీ అని కూర్చోబెట్టాను. మొదలుపెట్టగానే ధైర్యం, త్యాగం అని అరవొద్దన్నాను. వెనక వరసలకి ఆ కాగితం ఆనదు కాబట్టి ముందు మాటలతో ఫొటో చూపించు. రోడ్డు, ట్యాంకులు, మనిషి, చేతుల్లో సంచులు. ఆ సంచుల దగ్గర కాసేపు ఆగు. యుద్ధానికెళ్ళేవాడు సంచులు పట్టుకెళ్ళడు, కాబట్టి ఈయన మనలాంటివాడే అని పిల్లలకి అప్పుడు తోస్తుంది. తర్వాత సందర్భం చెప్పు: స్వేచ్ఛ కావాలని రాజధాని నడిబొడ్డు చౌకులో కూర్చున్నవాళ్ళని ఖాళీ చేయించడానికి వచ్చి సైన్యం జనం మీద కాల్పులు జరిపింది, ఎందరో పోయారు, ఆ మర్నాటిది ఈ ఫొటో. ఆ రక్తం ఫొటోలో లేదు, కానీ అది తెలియకపోతే ఆయన నిలబడడం ఎంత పెద్ద సంగతో అర్థం కాదు. ట్యాంకు పక్కకి తప్పుకోబోతే ఆయనా పక్కకి జరిగాడన్నది వీడియోలో ఉంది, ఫొటోలో కాదు, అది వేరుగా చెప్పు. ధైర్యం కనపడుతుంది, త్యాగం కనపడదు. ఆ తర్వాత ఆయన ఏమయ్యాడో, అసలు పేరేమిటో ఇప్పటికీ ఎవరికీ రూఢిగా తెలియదు. తెలియనిదాన్ని తెలియదనే చెప్పు.

అన్నీ బుద్ధిగా నేర్చుకుంది. నాయన మాట రాసుకుంటే ప్రిన్సిపాల్ కొట్టేసి, చివర్లో రెండు ముక్కల హిందీ షాయరీ అతికించారు.

ఆ రోజు ప్రార్థన, ప్రతిజ్ఞ, నేటి సూక్తి, వార్తలు అన్నీ అయ్యాక దాని వంతు వచ్చింది. మైకు కీచుమంది. అది జంకలేదు. సంచుల దగ్గర ఆగితే వెనక వరసల పిల్లలు మునివేళ్ళ మీద లేచి చూశారు, నాకు గర్వమనిపించింది. షాయరీ దగ్గరికొచ్చాక ఆపేసింది. కాగితం మడిచి ఆఫీసరుగారి వైపు తిరిగి, హిందీలో మెల్లగా అంది: "ఈయనకి ఫొటో తీస్తున్నట్టు తెలియదు. మా నాయనకి తెలుసు. తెలిసే నేరుగా చూశాడు. సర్, మీరు కూడా ఒకసారి ఆయన్ని చూడండి."

ప్రిన్సిపాల్ మొహం మాడిపోయింది. ఆఫీసరుగారు మాత్రం చప్పట్లు కొట్టారు. శభాష్ బేటీ అని భుజం తట్టి, బహుమతి చేతికిచ్చి, ఫొటోగ్రాఫరున్న వైపు తిప్పి నిలబెట్టారు. ఇటు చూడు, నేరుగా చూడు అన్నారెవరో. అది చూసింది. జనగణమన అయ్యాక ఆయన కారెక్కారు. నాయన పేరేమిటని కూడా అడగలేదు. కోపం కూడా ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు నాకు.

రెండ్రోజులకి ఆ ఫొటో పేపర్లో పడింది, పిల్ల పేరూ ఊరి పేరూ వేసి మరీ. ఆ పేపరు ముక్క ఎలా చేరిందో వాళ్ళమ్మ చేతికి చేరింది. పిల్లని తీసుకుపోతానని దొరికిన జీపెక్కి వచ్చేసింది. నేను బతిమాలాను, ఇది మంచి ఫొటో అమ్మా, బహుమతి ఫొటో అన్నాను. ఆవిడ పేపరు నా ముందు పెట్టి, "ఆయనది గూడ మంచిగనే పడ్డది టీచరమ్మా" అంది. పిల్ల ఏడవలేదు. సంచిలో బట్టలు సర్దుకుని, చైనా ఫొటో మాత్రం నా బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోయింది. మళ్ళీ బడికి రాలేదు.

ఈమధ్య దాని చిన్నమ్మ సంతలో కనిపించింది. పిల్లకి పెళ్ళయిందట, మిరపకల్లాలకి కూలికి పోతోందట. నాయన ఇంకా లోపలే ఉన్నాడట. జుట్టంతా నెరిసిందట, పళ్ళూడాయట. వాయిదాకి తీసుకొచ్చినప్పుడు కూతురే గుర్తుపట్టలేకపోయిందట. కేసు కాగితాల్లో మాత్రం ఆయన ఇప్పటికీ నల్లటి జుట్టు దువ్వుకుని, గుండీలన్నీ పెట్టుకుని, ఎవరైనా చూస్తారేమోనని నేరుగా చూస్తూనే ఉంటాడు. కాలం ఫొటో జోలికి పోదు, మనిషినే తినేస్తుంది.