సదానందం కట్టిన పాటల వరస

సౌదీలో, అల్ ఖర్జ్‌లోని ఆ పాల ఫారంలో నాలుగు వేల ఆవులు, రెండు వందల మంది మనుషులు ఉండేవారు. ఆవులకు జబ్బు చేస్తే చూడడానికి డాక్టరు ఉన్నాడు. మనుషుల్లో ఎవరికైనా మనసు విరిగితే మాత్రం సదానందం దగ్గరికి పోవలసిందే. జగిత్యాల వైపు మనిషి. షెడ్లలో ఫ్యాన్లు, నీటి తుంపర్లు బాగుచేయడం ఆయన ఉద్యోగం. పాటలను వరసగా కట్టడం ఆయన విద్య. అది విద్య అని, అదే ఫారంలో పనిచేసే లింబాద్రి మొదట ఒప్పుకోలేదు. తన మెడ దాకా వచ్చాకగానీ ఒప్పుకోలేదు.

కువైట్ యుద్ధం ముగిసిన ఏడాది అది. సైరన్లు మోగిన ఆ చలికాలమంతా ఉత్తరాలు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. లింబాద్రి ఐదు నెలలు ఊళ్లో ఉన్న భాగ్యలక్ష్మికి ఒక్క అక్షరం చేర్చలేకపోయాడు. ఇద్దరూ ఒకే బీడీల కంపెనీ గుమ్మం దగ్గర మాట కలుపుకున్నవాళ్లు. పెళ్లి చేసుకుందామని అనుకున్నవాళ్లు. ఎండాకాలంలో వచ్చిన మొదటి ఉత్తరం స్నేహితుడిది. భాగ్యలక్ష్మికి పెళ్లయిపోయిందని, మెట్‌పల్లికి కాపురానికి పోయిందని అందులో ఉంది.

ఆ రోజుల్లో రాయరానివాళ్లూ, రాసి తృప్తిపడనివాళ్లూ క్యాసెట్‌లో మాట్లాడి ఊరికి పంపేవారు. లింబాద్రి కూడా గది తలుపు మూసుకుని ఇరవై నిమిషాలు మాట్లాడాడు. అవి మాటలు కావు, తిట్లు. ఎక్కడెక్కడ కలుసుకున్నారో, ఆమె ఏమేం ఒట్లు పెట్టిందో అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు. తోటి పనివాడు అంజన్న రెండు నెలల్లో సెలవు మీద ఊరికి పోతున్నాడు. దాన్ని ఆమె అత్తగారింట్లో ఇచ్చి రావాలని అతనితో మాట తీసుకున్నాడు. పదిమంది మధ్య ఒక్కసారి అది మోగితే ఆ పిల్ల కాపురం నిలవదని లింబాద్రికి తెలుసు. తెలిసే చేశాడు.

అన్నం మానేసిన మనిషిని చూసి సదానందమే పిలిచాడు. పిల్ల పేరు అడగలేదు.

"పండుకుంటున్నవా? దేని మీద మంట? ఆమె మీదనా, నీ మీదనా?" అని అడిగాడు.

"ఆమె మీదనే అన్నా. ఎవ్వల మీద ఉంటది మల్ల!"

సదానందం మంచం కింద పాలపొడి అట్టపెట్టెల నిండా క్యాసెట్లు. సినిమా పాటలు కొన్ని. మిగిలినవి సెలవుకు పోయినప్పుడల్లా నాట్ల దగ్గర, పెండ్లిళ్ల దగ్గర ఆయనే పట్టుకొచ్చినవి. రెండు క్యాసెట్లు పట్టే టేపురికార్డరు ముందు కూర్చుని, ఎక్కించే క్యాసెట్‌ను మొదట వేలితో కొంచెం తిప్పేవాడు. మొదట్లో ఉండే, పాట ఎక్కని ఉత్త ప్లాస్టిక్ దాటకపోతే పాట నోరు తెరవకముందే తెగిపోతుంది. త్వరగా ఎక్కించే మీట ఉన్నా ముట్టేవాడు కాదు, పాట ఎంతసేపయితే అంతసేపూ కూర్చునేవాడు. పాటకూ పాటకూ మధ్య మూడు ఊపిర్ల జాగా వదిలేవాడు.

"మంటల ఉన్నోనికి జోలపాట పెడితే డబ్బా పలగ్గొడ్తడు" అనేవాడు. అందుకే ముందు డప్పు మీద పాడిన మొరటు పాటలు. అవి మూడే. నాలుగోది పడితే కోపం అలవాటవుతుందట. మూడోది మొదటిదానికన్నా కాస్త నెమ్మది. ఏడుపు పాట సరిగ్గా ఆ నడకలోనే మొదలవుతుంది, కోపం ఎక్కడ తడిసిందో వినేవాడికి తెలియనే తెలియదు. ఆ తర్వాత పాటపాటకూ మాటలు తగ్గుతాయి. చివరిది ఉత్త పిల్లనగ్రోవి. అక్కడ మొదటి వైపు అయిపోతుంది. రెండో వైపున ఎవరినీ తప్పుపట్టని పాటలు, అవీ ఆడగొంతులో. వాటి వెనక నాట్ల పాటలు, బండి పాటలు, ప్రేమ ఊసే లేనివి. ఆఖరిది వినేవాడు తనకు తెలియకుండానే గొంతు కలిపేది.

లింబాద్రి ఆ క్యాసెట్ తీసుకుపోయి వారం విన్నాడు. తగ్గకపోగా పుండు మీద కారం చల్లినట్టయింది.

"నీ పాటలు నాకు పట్టలే అన్నా. అంత ఉత్తదే" అన్నాడు.

సదానందం అతని గదికి వచ్చి, పెట్టమని కూర్చున్నాడు. పిల్లనగ్రోవి ఆగింది. రియాద్ బత్హా బజారులో లింబాద్రి కొత్తగా కొన్న టేపురికార్డరు డబ్బా టక్కుమంది. తనంతట తానే రెండో వైపు పాడసాగింది. అది కాగానే మళ్లీ టక్కుమని డప్పు అందుకుంది. సదానందం నెత్తి కొట్టుకున్నాడు.

"నేనెంత పిచ్చోన్నిరా, దేంట్ల వింటవో అడగకపోతి! నీ ఏడుపు నిండకముందే ఇది తిప్పింది. ఒడ్డుకు రాంగనే మల్ల ఏట్ల తోసింది. ఎవ్వలి ఏడుపు ఎన్ని రోజులో డబ్బాకేం ఎరుక? తిప్పేటిది నీ చెయ్యి గావాలె."

తనంతట తాను వైపు మార్చని తన పాత డబ్బా తెచ్చి ఇచ్చాడు. తర్వాత నిదానంగా అన్నాడు: "నువ్వు మాట్లాడిన క్యాసెట్ ఉన్నదట గదా. అంజన్న జెప్పిండు. తే."

లింబాద్రి తెచ్చి ఇచ్చాడు. వింటాడేమోనని సిగ్గుతో చచ్చిపోతుంటే, సదానందం తన గదిలోని రెండు క్యాసెట్ల టేపురికార్డరులో పెట్టి స్పీకరు గొంతు పూర్తిగా నొక్కేశాడు. డప్పు పాటలున్న చోట ఆ తిట్లను ఎక్కించాడు. ఇరవై నిమిషాలు గదిలో చప్పుడు లేదు. చప్పుడు కొలిచే ముల్లు ఒక్కటే ఎర్రగీత దాకా ఎగిరి పడుతోంది. తన కోపం అలా మూగగా ఎగురుతుంటే లింబాద్రి నోరు తెరుచుకుని చూశాడు. ఇన్ని పాటలు వెనకేసిన మనిషి, చేతిలో ఉన్నదాన్ని వినకుండా కూర్చోగలగడం అతనికి అన్నిటికన్నా పెద్ద వింతగా తోచింది. ఆ పెద్దరికానికి దండం పెట్టాలనిపించింది.

"డప్పు ఎందుకు, ఇదే నీ మొదటి పాట" అని అసలు క్యాసెట్ తిరిగి ఇచ్చేశాడు సదానందం. "పంపుడు పంపకపోవుడు నీ ఇష్టం."

మొదటి రోజు తన తిట్లు తనకే కమ్మగా ఉన్నాయి. నాలుగో రోజు ఆ గొంతు ఎవరో తాగుబోతుది అనిపించింది. ఎనిమిదో రోజు వాటిని దాటించి ఏడుపు పాటల దగ్గర ఆపుకున్నాడు. అక్కడే పది రోజులు ఉండిపోయాడు. ఒక శుక్రవారం మధ్యాహ్నం పిల్లనగ్రోవి ఆగాక, చెయ్యి దానంతటదే పోయి క్యాసెట్‌ను తిప్పింది. రెండు రోజులకు మళ్లీ మొదటి వైపుకే పోయాడు. సిగ్గుపడుతూ చెబితే సదానందం నవ్వాడు.

"మర్లినా మంచిదే. అటుబోయినా ఇటొచ్చినా నీ చెయ్యే గదా!"

రెండో వైపు మొదటి పాటలో ఒక ఆడమనిషి, దూరం పోయినవాడి కబురు కోసం ప్రతి సాయంత్రం వాకిట్లో నిలబడేది. ఎన్నోసారి వింటున్నప్పుడో లింబాద్రికి ఒక్కసారిగా తట్టింది. ఆ ఐదు నెలలు తనకు ఉత్తరం పోయే దారి లేదు. ఆమెకు మాత్రం? రేడియోలో బాంబుల వార్తలు వింటూ, ఇతను ఉన్నాడో పోయాడో తెలియక, ఇంట్లోవాళ్లకు ఏమని చెప్పి పెళ్లి ఆపుతుంది? తను ఒక్కనాడైనా ఆ వాకిట్లో నిలబడి చూడలేదే! వలవలా ఏడ్చాడు. ఆ ఏడుపు మొదటి వైపు ఏడుపు కాదు, ఆమె కోసం ఏడ్చాడు. ఆ తర్వాత ఎప్పుడో నాట్ల పాటలో గొంతు కలిపాడు. ఇంత పని ఇన్ని చిన్న పాటలు ఎలా చేశాయో అతనికి జీవితమంతా అర్థం కాలేదు.

అంజన్న ప్రయాణమయ్యే రోజు అందరి క్యాసెట్లూ సంచిలో సర్దుకుంటూ గదికి వచ్చాడు.

"లింబాద్రీ, మెట్‌పల్లికి ఇయ్యాలన్నవు, గా క్యాసెట్ ఏదిరా?"

"అది ఆమె వినేటిది గాదన్నా" అన్నాడు లింబాద్రి. "నేను వినేటిది. విన్న."