అమ్మమ్మ నాకిన గిన్నె

తేనె సీసాను ఆ అమ్మమ్మ చేతిలోంచి లాక్కున్నది నేనే.

కరీంనగర్‌లో ఒక తల్లీబిడ్డల ఆసుపత్రిలో, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలను ఉంచే గదికి అప్పుడు నేను పెద్ద నర్సుని. కిలోన్నర కూడా లేని ఒక మగబిడ్డను తీసుకొచ్చారు. తల్లి ఆపరేషన్ కుట్లతో పై అంతస్తులో మంచం మీద ఉంది. బిడ్డను ఒంటికి ఆనించుకుని వెచ్చగా ఉంచే పని అమ్మమ్మ మీద పడింది. ఆమె మరమగ్గాల దగ్గర నూలు కండెలు చుట్టే మనిషి. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాయడం వాళ్లింటి ఆనవాయితీ.

నాకు నోటి దురుసు ఎక్కువ. "పాలు తప్ప ఒక్క చుక్క తీపి తాకినా పోరడు దక్కడు, ఎరుకేనా?" అని నలుగురిలో అరిచాను. ఆమె తల వంచుకుని, "మల్ల జెయ్య సిస్టరమ్మా" అంది.

బిడ్డకు ఫిట్స్ వచ్చాయి. ఇంజెక్షన్‌తో ఆగాక అదే మందును నోటి ద్వారా మొదలుపెట్టాం. దానితోపాటు కాల్షియం, విటమిన్లు. పసిబిడ్డల చుక్కల మందులు ఆ వారం అయిపోయాయి. మేం ఎప్పుడూ చేసే పనే చేశాం: పెద్ద పిల్లల సిరప్ తీసి, మందు మోతాదుకు లెక్కగట్టి, పలుచన కాబట్టి ఎక్కువ మిల్లీలీటర్లు పోశాం. లెక్క నేనే సరిచూశాను. తప్పు లేదు.

మూడు రోజులకు విరేచనాలు నీళ్లయ్యాయి. బరువు తగ్గింది, పొట్ట కొద్దిగా ఉబ్బింది. లేపినా లేవనంత మత్తు. ఇంకా ఉబ్బితే పాలు ఆపి హైదరాబాద్ పంపాలని డాక్టరమ్మ అంది. పరీక్షల్లో ఇన్ఫెక్షన్ కనబడలేదు. నాకు మాత్రం దోషి ఎప్పుడో దొరికిపోయింది. మళ్లీ తేనె నాకించి ఉంటుందని అమ్మమ్మను గదిలోకి రానివ్వొద్దని చెప్పాను.

"నేనేం వెట్టలే" అంది ఆమె. నేను వినలేదు. రెండు రోజులు ఆమె తలుపు బయట నేల మీద కూర్చుంది. బిడ్డ మాత్రం ఆమె ఒంటి వెచ్చదనం లేకుండా వేడి దీపం కింద పడుకున్నాడు.

రెండో రోజు మధ్యాహ్నం, బిడ్డకు మందు పోసిన చిన్న గిన్నెను కడగడానికి బయటి కుళాయి దగ్గరికి తెచ్చాను. ఆమె లేచి వచ్చింది.

"జర గా గిన్నె ఇయ్యి."

ఎందుకో ఇచ్చాను. వాసన చూసింది. అడుగున మిగిలినదాన్ని వేలితో తీసి నాకింది.

"గిది తేనె కన్న తియ్యగున్నది. సారా వాసన గూడ కొడుతుంది. గిది వొయ్యొచ్చునా సిస్టరమ్మా?"

నాకు కోపమే వచ్చింది ముందు. ఆ కోపంతోనే సీసా తెచ్చి చదివాను. మందు పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. దాని కింద "రుచి కలిపిన సిరప్ ద్రవం, తగినంత" అని మాత్రమే ఉంది. ఎంత తగినంత, ఎవరికి తగినంత? మూలన చీమ తలకాయంత అక్షరాల్లో ఆల్కహాల్ అని ఉంది. పన్నెండేళ్లుగా ఆ సీసాలు నా చేతుల మీదుగా పోయాయి. నేనెన్నడూ ఆ మూల చూడలేదు.

మందుల గది ఫార్మసిస్టు కంపెనీలకు ఫోన్లు చేసి మిగతాది రాబట్టాడు. ఫిట్స్ మందులో ఆల్కహాల్, చక్కెర. కాల్షియం, విటమిన్ సిరప్‌లలో తీపి కోసం వేసే సార్బిటాల్, సాకరిన్. సార్బిటాల్ సరిగా ఇంకక పేగులోకి నీళ్లను లాగుతుందని, చిక్కటి తీపి లేత పేగును దెబ్బతీయొచ్చని, ఆల్కహాల్‌ను విడగొట్టే శక్తి ఆ కాలేయానికి ఇంకా సరిగా రాలేదని డాక్టరమ్మ చెప్పింది. ఒక్కో సిరప్‌లో కొంచెమే. మేం మూడూ కలిపి, అదీ ఎక్కువెక్కువ పోశాం.

విటమిన్, కాల్షియం సిరప్‌లు తాత్కాలికంగా ఆపారు. ఫిట్స్ మందు ఆపితే ప్రమాదం. అందుకని ఫార్మసిస్టు మాత్రను పొడిచేసి, నీళ్లలో కలిపి, కొలిచి ఇచ్చాడు. అమ్మమ్మను నేనే లోపలికి పిలిచి బిడ్డను ఆమె ఎదకు ఆనించాను. మూడు రోజుల్లో విరేచనాలు కట్టాయి, పొట్ట మెత్తబడింది, వాడు కళ్లు తెరిచాడు. ఇదొక్కటే కారణమని గట్టిగా చెప్పలేమని డాక్టరమ్మ అంది. అది నిజమే. ఆ మాటను అడ్డం పెట్టుకోవాలని నాకూ అనిపించింది.

ఇంటికి వెళ్లే రోజు ఆమె పక్కన కూర్చున్నాను. "తప్పు నాది, అవ్వా. నీ మీద నింద వేసిన" అన్నాను.

ఆమె బిడ్డ తలకు గుడ్డ కప్పి, లోపలి ఉయ్యాలల వైపు చూసింది.

"మునుపు దక్కని పోరగాండ్లకు గూడ గిదే వోసిండ్రా?"

"పోసినం" అన్నాను.