కొను బిస్కెట్ తిను

మా గైడ్‌కి కోపం వస్తే గొంతు తగ్గుతుంది. ఆ శుక్రవారం అయితే ముందుకు వంగితే గానీ ఏమంటున్నారో వినపడలేదు. నా పీహెచ్‌డీ మూడో అధ్యాయం ఆయన బల్ల మీద ఉంది. యొరుబా భాషలో వరస క్రియల మీద రాసింది. రెండు మూడు క్రియలు మధ్యలో ఏ కలుపుమాటా లేకుండా పక్కపక్కన నిలబడి అంతా ఒక్క పనే అన్నట్టు చెబితే, అవి వరస క్రియలు. తీరా చూస్తే నేనిచ్చిన ఉదాహరణల్లో అలాంటిది ఒక్కటీ లేదు.

"ఏందమ్మా గిది? నువ్వు 'అండ్' పెట్టి అడిగినవ్, ఆ నైజీరియా పిల్ల 'అండ్' పెట్టి చెప్పింది. గంతే గదా!" అన్నారు సార్. "సోమవారం కమిటీ ముందట గిట్లనే పెడితే అధ్యాయమే తీసెయ్యమంటరు. వాక్యాలు అడుగుడు బంద్ చెయ్యి. ఏదన్న చూపెట్టు, ఆమెనే చెప్పనియ్యి."

నాకు ఒళ్ళు మండింది. ఆయన చెప్పింది నిజమయ్యేసరికి ఇంకా మండింది. అబిడ్స్‌లో కిరాయి గదిలో ఉండి ఫార్మసీ చదువుకునే నైజీరియా అమ్మాయి నాకు యొరుబా చెప్పేది. నేను ఇంగ్లీషులో "అతను మాంసం కొన్నాడు, అండ్ తిన్నాడు" అని అడగడం, ఆమె బుద్ధిగా కర్తని మళ్ళీ చెప్పి "సి" అనే కలుపుమాట తగిలించి అప్పజెప్పడం. అవి రెండు వాక్యాలు కలిపి కుట్టినవి. నేను వాటినే వరస క్రియలనుకుని మురిసిపోయాను!

మర్నాడు ఆమెని నాంపల్లిలో ఒక బేకరీకి తీసుకెళ్ళాను. మేమిద్దరం ఇంగ్లీషులోనే మాట్లాడుకున్నా, నన్ను మాత్రం అచ్చ తెలుగులో "అక్కా" అనేది. ఇంటివాళ్ళ పిల్లల దగ్గర పట్టుకున్న మాట. ఆమెని అడిగి ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, "ఇక్కడ ఎవరేం చేస్తున్నారో మీ అమ్మకి చెబుతున్నట్టు చెప్పు" అన్నాను.

కౌంటర్ దగ్గర ఒకాయన ఉస్మానియా బిస్కెట్లు కొని, నిలబడే తినేస్తున్నాడు. ఆమె నవ్వుతూ గడగడా చెప్పుకుపోయింది. "ఓ రా బిసికీటి జె." మాటకి మాట చెబితే, అతను కొను బిస్కెట్ తిను. మధ్యలో "సి" లేదు. మన "కొని తిన్నాడు"లో "కొని" ఒంటరిగా నిలబడలేదు, "తిన్నాడు" మీద ఆనుకుంటుంది. ఇక్కడ ఏదీ దేనిమీదా ఆనుకోలేదు. బిస్కెట్ ఒక్కసారే వచ్చింది, కొన్నదీ అదే, తిన్నదీ అదే. నాకు లేచి గంతెయ్యాలనిపించింది, చుట్టూ జనం ఉన్నారని ఊరుకున్నాను.

కానీ కమిటీ ఊరుకోదు. "పొద్దున కొని సాయంత్రం తిన్నాడనుకో, అప్పుడూ ఇలాగే అంటావా?" అని అడిగాను.

"అలా కుదరదక్కా. అవి రెండు పనులైపోతాయి. 'సి' పెట్టాల్సిందే."

"మరి కాదని చెప్పాలంటే?"

కాదనే మాట మొదటి క్రియకి ముందు ఒక్కసారి చెబితే చాలట. రెండో క్రియకి విడిగా తగిలించి చూపిస్తే, పచ్చి వంకాయ కొరికినట్టు మొహం పెట్టింది.

ఈలోగా నేను కొన్న ప్లేటు బిస్కెట్లు ఆమె ముందు ఖాళీ అయ్యాయి. "నేను కొన్నాను, నువ్వు తిన్నావు. ఇది వరసలో చెప్పు చూద్దాం!" అన్నాను.

ఆమె పకపకా నవ్వింది. "ఎలా చెప్తానక్కా? కొన్నది నువ్వు, తిన్నది నేను. రెండు వాక్యాలు చెయ్యాల్సిందే."

చాయ్ పోసే పెద్దాయన మా వైపు చూసి, "ఏం పరీక్షనమ్మా గిది? బిస్కెట్లు తిని జవాబు చెప్పుడా?" అన్నాడు. "ఔ చాచా" అన్నాను. ఆ క్షణంలో నాకు ఆయన మీద, ఆ బేకరీ మీద, మా సార్ మీద కూడా ప్రేమ పుట్టుకొచ్చింది.

రికార్డింగ్ ఆపేసి లేచాం. ఆమె నన్ను ఆగమని కౌంటర్ దగ్గరికెళ్ళి, పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టింది. "మో రా బిసికీటి ఫున్ ఎ."

నేను కొను బిస్కెట్ ఇవ్వు నువ్వు. మనం "నీ కోసం" అనే చోట వాళ్ళకి "ఇవ్వు" అనే క్రియే వచ్చి వరసలో నిలబడుతుంది. నేను వెతుకుతున్న వాక్యాల్లో ఇంతకంటే చక్కనిది లేదు. గబగబా ఫోన్ తీసి, "మళ్ళీ చెప్పవా, రికార్డ్ చేసుకుంటా" అన్నాను.

ఆమె నా ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టింది. "ఇది నీ థీసిస్‌కి కాదక్కా. నీకు."

సోమవారం కమిటీ ఏ గొడవా చెయ్యకుండా అధ్యాయం ఒప్పుకుంది. సార్ గొంతు కారిడార్ దాకా వినపడింది. బేకరీ వాక్యాలన్నీ అందులో ఉన్నాయి, ఆ ఒక్కటి తప్ప.