దర్జీ చెప్పిన తేదీ

ముప్పై ఏళ్లుగా బట్టలు కుడుతున్న దర్జీ ఒక్కసారైనా నిజమైన తేదీ చెప్పి ఎరగడు. గురువారం రమ్మన్నాడంటే అది పై గురువారమని అందరికీ తెలుసు. ఓ పెళ్లికొడుకు కోటు చేతికొచ్చేనాటికి అతని కొడుక్కి సరిపోయిందని చెప్పుకుంటారు. నమ్మకపోవడానికి కారణమేమీ కనపడదు.

ఆ దర్జీ కొట్టు ఖాళీ చేసి ఇంట్లోనే కుట్టుకుందామనుకున్నాడు. ఇంట్లో నెట్ ఉంది గనుక కొట్టులో ఉన్న నెట్ అక్కర్లేదు. గుడ్డ కత్తిరించే పెద్ద బల్లను ఇంటికి తేవడానికి బండి కిరాయి పక్కన పెట్టాడు. చేతిలో ఉన్నది అదొక్కటే.

తొమ్మిదో తేదీన, కొట్టులోది ఆపమని నెట్ కంపెనీకి ఫోన్ చేశాడు.

"నెల ముందు చెప్పాలండీ. ఏ తేదీకి ఆపమంటారు?"

అతనికి కావలసింది వచ్చే నెల పదహారు. కానీ ఎవరైనా ఓ వారం ఆలస్యం చేస్తారు కదా అని, "వచ్చే నెల తొమ్మిది" అన్నాడు.

వచ్చిన మెసేజ్‌ని ఐదు రోజుల తర్వాత భార్య చదివింది.

"సరిగ్గా తొమ్మిదిన ఆపేస్తారట. ఏడాది ఉంచుతామన్న ఒప్పందం వచ్చే నెల పదిహేను దాకా ఉందట. ముందే మానేస్తే మూడు నెలల నెట్ అద్దె కట్టాలట."

"తొమ్మిదినే ఆపేస్తారా?" దర్జీ నోరు తెరిచాడు.

"అందరూ మీలాంటివాళ్లే అనుకున్నారా? బండి కిరాయి దానికే పోతుంది, ఇక బల్లను మీరే నెత్తిన పెట్టుకుని రండి!"

దర్జీ పరుగున కంపెనీ ఆఫీసుకెళ్లాడు. కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్లో చూసింది.

"దీంట్లో తేదీ మార్చలేమండీ. ఇది వెనక్కి తీసుకుని కొత్తగా పెట్టాలి. నెల గడువు ఇవాళ్టి నుంచి మళ్లీ మొదలు."

ఇవాళ పద్నాలుగు. దర్జీ వేళ్లు మడిచాడు. నెల గడిచినా పదహారు దాటదు.

"పదహారు పెట్టండమ్మా. కొట్టు తాళం మాత్రం యజమానికి పదినే ఇచ్చేస్తాను."

"ఆ వారం మీరు నెట్ వాడినా వాడకపోయినా అద్దె పడుతుంది."

"పడనీ. మూడు నెలలదాని ముందు అదెంత?"

"మరి నిజంగా పదహారేనా బాబాయ్?"

"పదహారే" అన్నాడు దర్జీ. అన్నాక తన నోరే తనకు కొత్తగా అనిపించింది.

మరుసటి నెల పదో తేదీన బండి వచ్చింది. బల్ల కదిలింది. పదహారున లైను ఆగింది. మర్నాడు దర్జీ కంపెనీవాళ్ల రౌటర్ని, అడాప్టర్ని గుడ్డలో చుట్టి, నాలుగు వైపులా కుట్టేసి, తిరిగిచ్చేందుకు ఆ అమ్మాయి దగ్గరికి తెచ్చాడు.

"రౌటర్ అడుగున నంబరు చూడాలి బాబాయ్. ఇలా కుట్టేస్తే ఎలా?"

దర్జీ జేబులోంచి కత్తెర తీసి కుట్లు విప్పాడు. ఆమె నంబరు సరిచూసి, రెండు వస్తువులూ అందినట్టు రసీదు ఇచ్చింది.

చివరి బిల్లులో పదహారో తేదీ వరకు అద్దె మాత్రమే ఉంది. భార్య రెండుసార్లు చదివి, ముందుగదినంతా ఆక్రమించిన బల్లను చుట్టి వెళ్లే దారిలేక కిందనుంచి దూరి వంటింట్లోకి పోయింది.