సున్న ముందుకు జరిగిన వారం

సోమవారం ప్రార్థన అయిపోగానే, మధ్యాహ్న భోజనం వండే తబిత గరిటె చేత్తో పట్టుకుని ఒకటో తరగతి గుమ్మంలో నిలబడింది.

"మేడం గారండీ, నేనేం పాపం చేశానండీ మీకు?"

దేవకుమారి హాజరు పట్టీలోంచి తలెత్తింది. ఆమె ధవళేశ్వరం నుంచి రోజూ స్కూటీ మీద మండపేట దాటి, కాలువ గట్టు పట్టుకుని ఈ బడికి వస్తుంది. ఇరవై రెండేళ్ల సర్వీసులో పద్దెనిమిదేళ్లు ఒకటో తరగతే. పెద్ద తరగతులు ఇస్తామంటే వద్దంటుంది. పిల్లవాడు మొదటిసారి ఒక మాటను తనంతట తాను చదివినప్పుడు ఆ మొహం చూడ్డానికే జీతం తీసుకుంటున్నానని మొగుడితో అంటుంది. జీతం మాత్రం వదులుకోవేం అంటాడాయన.

"ఏమైంది తబితమ్మా?"

తబిత కొంగులోంచి ఒక అట్టముక్క తీసి బల్ల మీద పెట్టింది. దేవకుమారి రాసిన చదువు కార్డే. 'మామ కాలు కడిగాడు. తబిత కాలు కడగదు.'

"ఇదొకటేనా? తబిత తినదు, తబిత పాడదు, తబిత పలకదు. మొన్న రాసింది మరీనూ, 'తబిత కడగదు' అంతే. ఏం కడగదో కూడా లేదు. పిల్లలు ఇంటికెళ్లి ఇదే పాట. మొన్న శనివారం ఇద్దరు తల్లులొచ్చి గిన్నెలు వాసన చూసి వెళ్లారండీ!"

దేవకుమారికి నవ్వొచ్చింది. ఆపుకుంది.

ఆమె పద్ధతి ఇది. అ నుంచి బండిర దాకా ముందు అప్పగించడం, ఆ తర్వాత మాటలు, ఆ తర్వాత వాక్యాలు అనే పాత వరుస ఆమె మూడేళ్లుగా మానేసింది. ఎక్కువ మాటల్లో దొరికే అక్షరాలు నాలుగు చెప్పడం, వాటితో అప్పుడే మాటలు చదివించడం, మళ్లీ రెండు చేర్చడం. ఒకదానికొకటి పోలిన అక్షరాలను దూరంగా ఉంచుతుంది. ప వచ్చిన రెండు నెలలకు గాని వ రాదు. కార్డులో ఒక్క అక్షరం కూడా పిల్లలకు చెప్పనిది ఉండకూడదు. ఉంటే వాళ్లు చదవరు, బొమ్మ చూసి ఊహిస్తారు.

ఇప్పటికి పన్నెండు హల్లులు, అ, ఆ, దీర్ఘం, గుడి, కొమ్ము అయ్యాయి. ఇంత కొంచెం సరుకుతో మనుషుల పేర్లు రాయాలంటే తరగతిలో ఒక్కరూ పనికిరారు. హేమశ్రీ, దేవిశ్రీ, లావణ్య, ఉదయ్‌కుమార్... ఈ కాలం తల్లిదండ్రులు వత్తు లేని పేరు పెడితే పొల్లుతో ముగిస్తారు. ఊరంతా వెతికితే చెప్పిన అక్షరాల్లో ఒదిగిన పేరు ఒక్కటే దొరికింది.

"నీ పేరు చక్కగా కుదిరిందమ్మా. అందుకే రాశాను."

"రాయండి. నాకూ సంబరమే. కానీ ఆ మామ చూడండి, పాడాడు, ఆడాడు, కడిగాడు. తాత దిగాడు. తబిత దగ్గరికొచ్చేసరికి అన్నీ దు, దు, దు. పొద్దున్న ఆరింటి నుంచి పొయ్యి దగ్గర చచ్చేది నేనండీ! ఒక్క పనైనా చేసిందని రాయలేరా?"

దేవకుమారి కార్డును మళ్లీ చదివింది. పాడింది అని రాయాలంటే సున్న కావాలి. కడిగింది, తింది, కలిపింది, అన్నిటికీ సున్నే. సున్నను ఆమె నవంబరుకు నెట్టింది. పంటలో ఒకలా, పంపులో ఒకలా పలుకుతుంది, పిల్లలు తడబడతారని భయం. మూడేళ్లుగా తన కార్డుల్లో మగవాళ్లే పనులు చేస్తున్నారని, ఆడవాళ్లు మొరాయిస్తున్నారని ఆమె గమనించనే లేదు.

"వచ్చే వారం..." అంది.

"ఇయ్యాలే కావాలండి. లేకపోతే నా పేరు తీసేయండి."

పేరు తీసేస్తే కార్డులన్నీ మామ, తాతలతో నిండుతాయి. పైగా శనివారం తల్లిదండ్రుల సమావేశం. హెడ్మాస్టరు చంద్రరావు గారు ముందే చెప్పేశారు: "దేవకుమారి గారూ, మీ పిల్లలకి అఆలు వరసగా రావట్లేదని గోల చేస్తున్నారు. శనివారం అందరి ముందూ చదవగలిగితే సరే. లేదంటే సోమవారం నుంచి పాత వరసే. నన్ను ఇరికించకండి."

సమావేశానికి అయిదు రోజుల ముందు కొత్త గుర్తు చెప్పడం, పందేనికి వెళ్తూ దారిలో పడవ మార్చుకోవడం లాంటిది. అయినా ఆమె ఆ మధ్యాహ్నమే బోర్డు మీద ప రాసి, పక్కన సున్న పెట్టింది. ముక్కు మీద వేలుంచి "పం" అంది. ఇరవై రెండు వేళ్లు ఇరవై రెండు ముక్కుల మీదికి వెళ్లాయి. బం, గం, డిం, పిం. బుధవారానికి గంట, గంప, బండి వచ్చాయి. గురువారం 'తబిత కూర...' అని మొదలుపెట్టి, ఊకారం ఇంకా రాలేదని గుర్తొచ్చి కొట్టేసి, 'తబిత పిండి కలిపింది' అని రాసింది. తబిత ఆ కార్డు వంటగది గోడకు అన్నం మెతుకులతో అంటించుకుంది.

శనివారం వచ్చింది. పిల్లలు కార్డులు గలగలా చదివారు. రైసు మిల్లులో పనిచేసే గణేష్‌బాబు, ఉదయ్‌కుమార్ నాన్న, లేచి నిలబడ్డాడు.

"ఆయ్, బానే ఉందండి మేడం గారూ. మా వాడు ఇంట్లో కార్డు తలకిందులుగా పట్టుకుని కూడా ఇలాగే చదివాడండి."

జనం ఘొల్లుమన్నారు. చంద్రరావు గారు కళ్లజోడు తుడుచుకున్నారు. దేవకుమారికి చెవులు వేడెక్కాయి. అతను చెప్పింది నిజమే. పాత కార్డులు పిల్లలకు కంఠతా వచ్చేశాయి.

"అయితే మీరే రాయండి," అంటూ సుద్దముక్క అతని చేతిలో పెట్టింది. "మీ ఇష్టమొచ్చిన వాక్యం. బోర్డు పైన రాసున్న అక్షరాలు, గుర్తులు మాత్రం దాటకూడదు."

"ఎంతసేపు!" అని గణేష్‌బాబు బోర్డు దగ్గరికి వెళ్లాడు. లారీ అన్నాడు.

"గుడిదీర్ఘం రాలేదండి," అంది దేవకుమారి.

"మిల్లు?"

"వత్తు."

"బియ్యం?"

"య లేదు, వత్తూ లేదు."

"ఏం ఊరండీ ఇది, బియ్యం లేకుండా!" అని అతను నుదురు తుడుచుకున్నాడు. నుదుటి మీద సుద్ద పడింది. వెనక నుంచి తల్లులు మాటలు అందించడం, వాటిని వాళ్లే కొట్టేయడం మొదలైంది. చివరికి అతను మొండిగా ఒక వాక్యం రాసి పక్కకు జరిగాడు.

'కాకి బండి నడిపింది.'

దేవకుమారి లావణ్యను పిలిచింది. తరగతిలో అందరికంటే నెమ్మది. మంచి పిల్లను పిలిస్తే మళ్లీ కంఠతా అంటారు.

"కా... కి. కాకి," అంది లావణ్య. ముందు వరసలోంచి ఎవరో "ఎగిరింది!" అని అందించారు. లావణ్య అటు చూసింది. బోర్డు వైపు చూసింది. ముక్కు మీద వేలు పెట్టుకుంది. "బం... డి." ఆగింది. చంద్రరావు గారు కుర్చీలో ముందుకు జరిగారు. "న... డి..." వేలు మళ్లీ ముక్కు మీదికి. "పిం... ది."

మొత్తం మళ్లీ మొదటి నుంచి, గొణుగుతున్నట్టు ఒకసారి చదువుకుంది. అప్పుడు ఆ మొహం విచ్చుకుంది.

"కాకి బండి నడిపిందంటమ్మా!" అని తల్లివైపు తిరిగి పడీపడీ నవ్వింది.

గణేష్‌బాబు బోర్డును, పిల్లను మార్చిమార్చి చూశాడు. "ఇది కంఠతా రాదులెండి," అన్నాడు. "నేనే ఇప్పుడు కనిపెట్టాను." సుద్ద మాత్రం వెనక్కి ఇవ్వలేదు. "ఉండండి, ఇంకోటి రాస్తాను."

"నాకివ్వండి, నేను రాస్తా," అంటూ హేమశ్రీ తల్లి లేచింది.

చంద్రరావు గారు తీర్మానాల పుస్తకం తెరిచి, ఒకటో తరగతి పాఠాల వరుస దేవకుమారి గారు చెప్పినట్టే సాగాలని రాసి, సంతకాలకు చుట్టూ చూశారు. తల్లిదండ్రులంతా బోర్డు దగ్గరే ఉన్నారు. ఏనుగు రాయడానికి 'ఏ' వచ్చిందా లేదా అని వాదించుకుంటున్నారు.