మూడో పేరాలో అబద్ధం

కోర్టు మెట్ల పక్కన అఫిడవిట్లు టైపు చేసే పెద్దాయనను అందరూ పేరా గారంటారు. ముప్పై ఏళ్ళ అనుభవమని బోర్డు రాయించుకున్నాడు. నిజానికి అది ఒకే నమూనాను ముప్పై ఏళ్ళపాటు తిప్పిన అనుభవం. ఎవరొచ్చినా పేరు, వయసు, చిరునామా మార్చేవాడు. పేరు మార్పుకు కారణం చెప్పాల్సిన మూడో పేరాలో మాత్రం ఊరందరికీ ఒకటే మాట: సంఖ్యాశాస్త్ర రీత్యా.

ఆ రోజు ఒక నర్సింగ్ విద్యార్థిని తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. సర్టిఫికెట్టులో కొత్త పేరు పడాలంటే సాయంత్రం నాలుగులోగా కాలేజీలో అఫిడవిట్ ఇవ్వాలి. పేరా గారు పావుగంటలో పని తెమిల్చి, నోటరీ బల్ల దగ్గరికి గర్వంగా తీసుకెళ్ళాడు.

"ఇందులో ఏముందో చదివి చూసుకున్నావామ్మా?" అడిగాడు నోటరీ.

ఆ పిల్ల అప్పుడు చదివింది. కలం కింద పెట్టేసింది.

"ఇది నేను చెప్పలేదండీ. నాకంటే ముందు పుట్టి పోయిన అక్క పేరే నాకు పెట్టారు. ప్రతి పుట్టినరోజుకీ అమ్మ నన్ను చూసి ఏడుస్తుంది. అందుకే మార్చుకుంటున్నా."

"ఏదో ఒకటిలేమ్మా, ఎవరు చూస్తారు?" అన్నాడు పేరా గారు.

"కింద ఏం రాశారు మరి? ఒకటి నుంచి ఐదు దాకా పేరాలన్నీ స్వయంగా తెలిసిన నిజాలని. ప్రమాణం చేసేది నేను కదండీ."

నోటరీ నవ్వాపుకోలేకపోయాడు. "ముప్పై ఏళ్ళు ఊరందరి చేతా దొంగ ప్రమాణాలు చేయించావన్నమాట!"

పేరా గారి ముఖం మాడిపోయింది. గడియారం మూడు చూపిస్తోంది. మళ్ళీ కూర్చుని మూడో పేరా చెరిపాడు. కానీ అక్క పోయేనాటికి ఈ పిల్ల పుట్టనే లేదు, స్వయంగా తెలుసని ఎలా రాస్తాడు? జీవితంలో మొదటిసారి ఆలోచించి తల్లివైపు తిరిగాడు.

"మీరే చెప్పాలమ్మా. ఎప్పుడు పోయింది?"

ఇరవై ఏళ్ళుగా ఆ చావు గురించి నోరు విప్పని తల్లి మెల్లగా చెప్పింది. "ఇది పుట్టడానికి రెండేళ్ళ ముందు, జ్వరంతో. ఆ పేరు పోనివ్వలేకపోయాను బాబూ."

కాగితం అడుగున ఉన్న ధ్రువీకరణ కూడా మారింది: ఒకటి, రెండు, నాలుగు, ఐదు పేరాలు నాకు స్వయంగా తెలిసిన నిజాలు, మూడో పేరా మా అమ్మ చెప్పగా విని నిజమని నమ్ముతున్నాను, ఏదీ దాచలేదు.

నోటరీ ఎదుట ఆ పిల్ల పాత పేరుతో ఆఖరి సంతకం చేసింది. ముద్ర పడింది. కాగితం పట్టుకుని మెట్లు దిగుతుంటే వెనక నుంచి తల్లి అలవాటుగా పాత పేరుతో పిలిచింది. పిల్ల ఆగలేదు. తల్లి కళ్ళు తుడుచుకుని, నాలుక తడబడుతుండగా, కొత్త పేరుతో పిలిచింది.

"వస్తున్నా అమ్మా," అని కూతురు వెనక్కి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.